ఓపీ, పంటి చికిత్సల అదనపు బీమా: పాత బిల్లులు ముందు పెట్టుకుని లెక్క వేస్తే

ఆరోగ్య బీమా రెన్యువల్‌కు నెల రోజుల ముందు ఏజెంటు నుంచో, కంపెనీ కాల్ సెంటర్ నుంచో ఫోను వస్తుంది. "ఆసుపత్రిలో చేరితేనే కాదండీ, మామూలు జ్వరానికి డాక్టరుకు చూపించుకున్నా, మందులు కొన్నా, పన్ను పీకించుకున్నా డబ్బు వస్తుంది. ఇంకో ఏడు వేలు కలపండి, పదిహేను వేల వరకు వాడుకోవచ్చు" అంటారు. వినడానికి బాగుంటుంది. ఏడు పెట్టి పదిహేను తీసుకునే బేరాన్ని ఎవరు కాదంటారు? పైగా మధ్యతరగతి ఇంట్లో ఏటా డబ్బు కారిపోయేది ఈ చిన్న ఖర్చుల దగ్గరే. ఓపీ ఫీజు, రక్తపరీక్షలు, మందుల షాపు బిల్లు, పంటి డాక్టరు. పెద్ద పాలసీకి ఏటా ఇరవై వేలు కడుతున్నా ఈ ఖర్చులకు అందులో నుంచి పైసా రాదన్న అసంతృప్తి చాలా మందిలో ఉంటుంది. ఆ ఫోను సరిగ్గా ఆ అసంతృప్తిని తాకుతుంది.

రైడర్ అని పిలిచే ఈ అదనపు కవరు కొందరికి నిజంగానే లాభం. ఎక్కువ మందికి నష్టం. ఎవరు ఏ కోవలోకి వస్తారన్నది కంపెనీ ఇచ్చే రంగుల కరపత్రం చూస్తే తెలియదు. ఇంట్లో అలమారా సొరుగులో ఉన్న పోయిన ఏడాది బిల్లులు చూస్తే తెలుస్తుంది.

అసలు పాలసీలో ముందే ఉన్నవి

ముందుగా తేల్చుకోవలసినది, ఓపీ కవరు పేరుతో దేనికి డబ్బు కడుతున్నామన్నది. కిడ్నీ డయాలసిస్, క్యాన్సర్‌కు కీమోథెరపీ, కంటి శుక్లాల ఆపరేషన్ లాంటివి ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చే చికిత్సలు. రాత్రి ఆసుపత్రిలో ఉండరు కాబట్టి ఇవన్నీ ఓపీ కిందికి వస్తాయనుకుని, ఆ భయంతో ఓపీ రైడర్ కొనేవారు ఉన్నారు. ఇవి డే-కేర్ చికిత్సలు. మామూలు పాలసీలోనే ఉంటాయి. అలాగే ఆసుపత్రిలో చేరడానికి ముందు అదే జబ్బు కోసం చేయించుకున్న పరీక్షలు, డాక్టరు ఫీజులు, డిశ్చార్జి తర్వాత వాడిన మందులు కూడా మామూలు పాలసీలోనే వస్తాయి. ఆరోగ్య సంజీవని లాంటి ప్రామాణిక పాలసీలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు ఇస్తారు. చాలా పాలసీల్లో అది 60, 90 రోజులు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. డిశ్చార్జి రోజున క్లెయిమ్ అయిపోయిందనుకుని తర్వాతి రెండు నెలల మందుల బిల్లులను పారేసేవారు, ఆ పక్కనే ఓపీ రైడర్‌కు డబ్బు కట్టడం తరచూ జరిగేదే.

మరి అసలు పాలసీలో రానిదేమిటి? ఒక ఉదాహరణ. వర్షాకాలంలో జ్వరం వస్తుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. సందులోని నర్సింగ్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు గంటలకు పడుకోబెట్టి రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించి, రాత్రి తొమ్మిదికి ఇంటికి పంపిస్తారు. బిల్లు నాలుగు వేలు. ఆసుపత్రిలో కనీసం 24 గంటలు ఉండలేదు కాబట్టి ఇది ఇన్‌పేషెంట్ కాదు. సెలైన్ ఎక్కించడం డే-కేర్ కాదు, ఎందుకంటే మామూలుగా ఓపీలో చేసే చికిత్సను డే-కేర్ నిర్వచనమే మినహాయిస్తుంది. అసలు పాలసీలోని ఈ ఖాళీని పూడ్చడానికే ఓపీ కవరు పుట్టింది.

ఈ ఖాళీని దాటడానికి కొన్ని చోట్ల ఒక అడ్డదారి చెబుతుంటారు. "ఒక రోజు అడ్మిట్ చేసుకుంటాం, ఎమ్మారై కూడా ఇన్సూరెన్స్‌లో వచ్చేస్తుంది" అంటారు. పాలసీ పత్రం చివర మినహాయింపుల జాబితాలో Excl04 అని ఒక కోడ్ ఉంటుంది. కేవలం పరీక్షలు, పరిశీలన కోసమే ఆసుపత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వబోమని దాని అర్థం. క్లెయిమ్ తిరస్కరణకు గురవుతుంది. పరీక్ష ఖర్చుతో పాటు ఒక రోజు గది అద్దె కూడా జేబులో నుంచి పోతుంది. అబద్ధపు రోగ నిర్ధారణ రాయించుకుంటే అది రికార్డులో నిలిచిపోయి, తర్వాత వచ్చే నిజమైన క్లెయిముకు అడ్డం పడుతుంది.

ఇంత ధర ఎందుకు

ముప్పై అయిదు, నలభై ఏళ్ల దంపతులకు, ఒక పిల్లకు పది లక్షల రూపాయల కుటుంబ పాలసీ ఇరవై వేల అటూ ఇటూగా దొరుకుతుంది. అంటే వంద రూపాయల రక్షణకు రెండు రూపాయలు. ఓపీ రైడర్‌లో పదిహేను వేల పరిమితికి ఏడు వేలు అడుగుతారు. వంద రూపాయలకు దాదాపు నలభై ఏడు. ఇందులో మోసమేమీ లేదు. గుండె ఆపరేషన్ వందలో ఏ ఒక్కరికో ఆ ఏడాది అవసరమవుతుంది, మిగతావారి ప్రీమియం ఆ ఒక్కరికీ సరిపోతుంది. జలుబు, దగ్గు, షుగరు పరీక్ష మాత్రం దాదాపు అందరికీ అవసరమే. అందరూ కట్టేది, అందరూ తీసుకునేది అయినప్పుడు ఒకరి నష్టాన్ని పది మంది పంచుకోవడం అనే బీమా సూత్రం ఇక్కడ పని చేయడానికి చోటే ఉండదు. మన డబ్బును కంపెనీ చేతికి ముందే ఇచ్చి, దాని నిర్వహణ ఖర్చు పోగా మిగిలినది ఏడాది పొడవునా తిరిగి తీసుకోవడం లాంటిదే ఇది.

ఆ నిర్వహణ ఖర్చు కూడా చిన్నది కాదు. మూడు లక్షల ఆపరేషన్ బిల్లును పరిశీలించడానికైనా, మూడు వందల మందుల బిల్లును పరిశీలించడానికైనా ఒక మనిషి ఫైలు తెరవాలి, చీటీ చదవాలి, తేదీలు చూడాలి. పైగా ఓపీ కవరును ఎక్కువగా కొనేది, తమకు ఖర్చు ఉందని ముందే తెలిసినవారు. ఆ సంగతి కంపెనీకి తెలుసు. అందుకే ధరను పెంచడమే కాక, లోపల పరిమితులు, వేచి ఉండే కాలం, నెట్‌వర్క్ డాక్టర్ల నిబంధన పెట్టుకుంటుంది. పదిహేను వేలు అని పైన రాసిన అంకె ఈ మూడు జల్లెడల గుండా దిగి వచ్చేసరికి ఎంత మిగులుతుందో చూడాలి.

ఒక ఇంటి లెక్క

రాజమహేంద్రవరంలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భర్తకు 42 ఏళ్లు, ఏడాది నుంచి షుగరు ఉంది. భార్యకు 38. కూతురికి తొమ్మిది. వారికి చెప్పిన రైడర్ ధర ఏడాదికి 7,200 రూపాయలు, పరిమితి 15,000. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు కాబట్టి కట్టేది అంతే. ఆ పదిహేను వేలు ఒకే మూటగా ఉండవు. డాక్టరు ఫీజుకు ఎనిమిది సార్లు, ఒక్కోసారికి 500 మించకుండా, మొత్తం 4,000. పరీక్షలకు 5,000. మందులకు 4,000. పంటి చికిత్సకు 2,000.

ఇప్పుడు పోయిన ఏడాది బిల్లులు. భర్త షుగరు డాక్టరు దగ్గరికి నాలుగుసార్లు వెళ్లాడు, ఒక్కోసారి 400 చొప్పున 1,600. మూడు నెలల సగటు షుగరు పరీక్ష నాలుగుసార్లకు 2,000, ఏడాదికోసారి కొలెస్ట్రాల్, కిడ్నీ పరీక్షలకు 1,400. మందులు నెలకు 900 చొప్పున 10,800. అంటే ఒక్క షుగరు మీదే 15,800. కూతురికి జ్వరాలు, దగ్గులకు పిల్లల డాక్టరు ఫీజు అయిదుసార్లకు 2,000, మందులు 2,200. భార్యకు చర్మ వ్యాధి డాక్టరు ఫీజు రెండుసార్లకు 1,200, మందులు 1,500. ఆమెకే ఒక రూట్ కెనాల్ 4,500, దాని మీద క్యాప్ 5,000. అన్నీ కలిపితే 32,200. ఇంత ఖర్చు పెట్టే ఇంటికి పదిహేను వేల కవరు ఏడు వేలకు ఇస్తుంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చనిపిస్తుంది.

మొదటి జల్లెడ, ముందు నుంచీ ఉన్న జబ్బులు. 2024 నిబంధనల ప్రకారం వీటికి వేచి ఉండే కాలం గరిష్ఠంగా 36 నెలలు. మూడేళ్లు నిండిన పాత పాలసీకి ఇప్పుడు కొత్తగా రైడర్ కలుపుకున్నా, రైడర్‌కు ఆ గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే పాలసీలు ఉన్నాయి. ఈ కుటుంబం రైడర్ అలాంటిదే అనుకుంటే, మొదటి మూడేళ్లు షుగరుకు సంబంధించిన ఏ బిల్లూ చెల్లదు. 32,200లో 15,800 అక్కడే పోయింది.

రెండో జల్లెడ, నెట్‌వర్క్. తక్కువ ధర రైడర్లలో చాలావాటిలో డాక్టరుకు నేరుగా ఫీజు ఇచ్చి బిల్లు పంపే వీలు ఉండదు. కంపెనీ యాప్‌లో కనిపించే డాక్టరుకే వెళ్లాలి, అపాయింట్‌మెంటు కూడా యాప్‌లోనే తీసుకోవాలి. హైదరాబాదులో మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉండేవారికి యాప్ తెరిస్తే పేజీల కొద్దీ పేర్లు వస్తాయి. గోదావరి ఒడ్డున అదే యాప్ తెరిస్తే జనరల్ ఫిజీషియన్లు కొందరు, రెండు మూడు ల్యాబులు కనిపిస్తాయి. పుట్టినప్పటి నుంచీ కూతురిని చూస్తున్న పిల్లల డాక్టరు అందులో లేడు. నూట రెండు జ్వరంతో ఉన్న బిడ్డను, నాలుగు వందల ఫీజు కలిసొస్తుందని, ఎన్నడూ చూడని డాక్టరు దగ్గరికి ఏ తల్లీ తీసుకెళ్లదు, తీసుకెళ్లనక్కర లేదు కూడా. నెట్‌వర్క్ డాక్టరు రాసిన చీటీకే మందులు ఇస్తారు కాబట్టి ఫీజుతో పాటు మందుల 2,200 కూడా పోయింది.

మూడో జల్లెడ, లోపలి పరిమితులు. చర్మ వైద్యుడు యాప్‌లో ఉన్నాడనుకున్నా, ఫీజు 600 అయితే వచ్చేది 500, అంటే రెండుసార్లకు వెయ్యి. మందుల 1,500 వస్తాయి. పంటి చికిత్సకు మొదటి ఏడాది వేచి ఉండాలి కాబట్టి అక్కడ సున్నా.

మొదటి ఏడాది చేతికి వచ్చినది 2,500. కట్టినది 7,200. పిల్లల డాక్టరు నెట్‌వర్క్‌లో ఉండి ఉంటే ఇంకో 4,200 కలిసి 6,700 అయ్యేది, అప్పుడు కూడా కట్టినదానికి అయిదు వందలు తక్కువే.

మూడేళ్లు గడిచాక చిత్రం మారుతుంది. షుగరు డాక్టరు నెట్‌వర్క్‌లోనే ఉన్నాడనుకుంటే అతని ఫీజు 1,600, చర్మ వైద్యుడి ఫీజు 1,000, పరీక్షలకు 3,400, మందులకు పూర్తి 4,000, ఆ ఏడాది పంటి పని పడితే 2,000. మొత్తం 12,000. ఏడాదికి 4,800 మిగులు. కానీ అక్కడికి చేరే లోపు మూడేళ్లలో 21,600 కట్టి 7,500 తీసుకున్నారు. పంటికి రెండు, మూడో ఏళ్లలో ఏమీ ఖర్చు కాలేదనుకుంటే ఆ 14,100 లోటు పూడడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది, అదీ ఆ మూడేళ్లూ పంటి పని పడి, ఆరేళ్లపాటు ప్రీమియం పెరగకుండా ఉంటే. ఆరోగ్య బీమాలో ప్రీమియం పెరగకపోవడం జరిగేది కాదు.

ఇదే ఇంటికి షుగరును మొదటి రోజు నుంచే కవర్ చేసే రైడర్ దొరికితే మొదటి ఏడాదే 10,000 చేతికి వస్తుంది. 7,200కు అది మంచి కొనుగోలు. మిగతా షరతులన్నీ అవే, ఇల్లు అదే, ఖర్చు అదే. ఒక్క వాక్యం తేడాతో నష్టం లాభంగా మారింది. కాబట్టి రైడర్ గురించి మాట్లాడేటప్పుడు ఏజెంటును అడగవలసిన మొదటి ప్రశ్న పరిమితి ఎంత అని కాదు. "మా ఇంట్లో ఫలానా జబ్బుకు ఓపీ బిల్లు ఏ తేదీ నుంచి చెల్లుతుంది?" అని అడగాలి. జవాబు ఫోనులో కాకుండా ఈమెయిల్లో తీసుకోవాలి. రెండో పని, డబ్బు కట్టకముందే ఆ కంపెనీ యాప్‌లోనో వెబ్‌సైటులోనో మన ఊరి పిన్‌కోడ్ కొట్టి, పోయిన ఏడాది వెళ్లిన డాక్టర్లలో ఎందరు అక్కడ ఉన్నారో చూడడం. అయిదు నిమిషాల పని ఇది, అయినా చాలా మంది డబ్బు కట్టిన తర్వాతే చేస్తారు.

ఇక్కడే మరో మాట. ఆ ఇంట్లో అతి పెద్ద అంకె నెలకు 900 మందులు. రైడర్ దానిలో ఎక్కువలో ఎక్కువ 4,000 తీరుస్తుంది. అదే మందు సారం ఉన్న జెనరిక్ మాత్రలు జన ఔషధి కేంద్రంలో బ్రాండు ధరలో సగానికీ అంతకంటే తక్కువకూ దొరుకుతాయి. డాక్టరును అడిగి మార్చుకుంటే ఏడాదికి అయిదు వేలకు పైగా మిగులుతుంది. దానికి వేచి ఉండే కాలం లేదు.

పంటి కవరు సంగతి

పంటి చికిత్సకు విడిగా లెక్క చూడాలి, ఎందుకంటే దాని స్వభావమే వేరు. జ్వరాన్ని వాయిదా వేయలేం. పుచ్చిన పన్నును ఆరు నెలలు లాగగలం. చన్నీళ్లు తాగితే జివ్వుమంటుందని తెలిసినవాడు ముందు పాలసీ కొని తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లగలడు. కంపెనీ దీనికి సిద్ధపడే పంటి భాగానికి ఏడాది, రెండేళ్లు వేచి ఉండే కాలం, రెండు మూడు వేల పరిమితి పెడుతుంది. ఆ పరిమితి చూస్తే పళ్లు శుభ్రం చేయించుకోవడానికి, ఒక పన్నుకు సిమెంటు పెట్టించుకోవడానికి, లేదా పీకించుకోవడానికి సరిపోతుంది. ఆ ఖర్చును ఏ ఇల్లైనా భరించగలదు. భరించడం కష్టమయ్యేవి క్యాపులు, బ్రిడ్జిలు, ఇంప్లాంట్లు, పిల్లల పళ్లకు క్లిప్పులు. ఇవన్నీ దాదాపు ప్రతి రైడర్‌లో మినహాయింపుల జాబితాలోనే ఉంటాయి. క్యాపును కృత్రిమ అవయవం కింద, క్లిప్పులను అందానికి చేసే చికిత్స కింద వేస్తారు.

పై ఉదాహరణలోని రూట్ కెనాల్‌నే తీసుకుంటే, మొత్తం 9,500లో 5,000 క్యాపుది కాబట్టి అది చెల్లదు. మిగిలిన 4,500కు పరిమితి 2,000. అది రావడానికి కూడా కాగితాలు సరిగ్గా ఉండాలి. పంటి క్లెయిములు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. చిన్న క్లినిక్‌లో డాక్టరు లెటర్‌హెడ్ మీద "చికిత్స ఖర్చులు 9,500" అని ఒక్క ముక్కలో రాసి ఇస్తారు. పరిశీలించేవారికి దానితో పని జరగదు. ఏ పన్ను అన్నది సంఖ్యతో ఉండాలి. దంత వైద్యులు నోటిని నాలుగు భాగాలుగా చేసి, మధ్య గీత నుంచి పళ్లను లెక్కపెడతారు. 36 అంటే మూడో భాగంలో, అంటే కింది దవడ ఎడమ వైపున ఆరో పన్ను, మొదటి పెద్ద దవడ పన్ను. బిల్లులో "36, రూట్ కెనాల్, 4,500" ఒక వరుసగా, "36, క్యాపు, 5,000" మరో వరుసగా ఉండాలి. రెండూ కలిపేస్తే క్యాపు మినహాయింపు సాకుతో మొత్తం బిల్లును ఆపేస్తారు. చికిత్సకు ముందు ఒక చిన్న ఎక్స్‌రే, పూర్తయ్యాక ఒక ఎక్స్‌రే ఉండాలి. మొదటి దానిలో పుప్పి పంటి నరం గది దాకా దిగినట్టు నల్లటి మచ్చ కనబడుతుంది, రెండో దానిలో వేర్లలో నింపిన పదార్థం తెల్లటి గీతలుగా కొస వరకు కనబడుతుంది. ఆ రెండు బొమ్మలే చికిత్స జరిగిందనడానికి సాక్ష్యం. పని ముగిసిన నెల తర్వాత వెళ్లి మొదటి ఎక్స్‌రే అడిగితే చాలాసార్లు దొరకదు, కంప్యూటర్‌లో నుంచి తీసేసి ఉంటారు. కుర్చీ మీద కూర్చున్న రోజే ఫోనులోకి పంపించమనాలి.

రూట్ కెనాల్ రెండు మూడు సిట్టింగులుగా జరుగుతుంది. మొదటి సిట్టింగు వేచి ఉండే కాలం ముగియక ముందు జరిగితే, బిల్లు తర్వాతి తేదీతో ఉన్నా జబ్బు ముందే మొదలైందని క్లెయిమ్ తోసిపుచ్చుతారు.

ప్రమాదంలో దవడ విరిగినా, పళ్లు ఊడినా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్స అసలు పాలసీలోనే వస్తుంది. నోటి క్యాన్సర్ ఆపరేషన్ కూడా అంతే. వాటి కోసం పంటి రైడర్ కొననక్కర లేదు. ఇక "డెంటల్ ప్లాన్" పేరుతో అమ్మే కార్డుల్లో కొన్ని అసలు బీమాయే కావు. ఏడాదికోసారి ఉచితంగా శుభ్రం చేస్తామని, మిగతా పనుల మీద 20 శాతం తగ్గిస్తామని ఉంటుంది. తగ్గింపు దేని మీద అన్నదే ప్రశ్న. రేటు పట్టికలో క్యాపుకు 8,000 రాసి, అందులో 20 శాతం తగ్గిస్తే 6,400. అదే పదార్థంతో చేసిన క్యాపుకు పక్క వీధిలో అడిగితే 5,500 అంటారు. కార్డు కొనకముందు తమకు కావలసిన పనికి రెండు క్లినిక్‌లలో ధర కనుక్కుంటే సరిపోతుంది. పెద్ద పని ఉండి చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. ఒకటి రెండు గంటలు వరుసలో నిలబడాలి, సిట్టింగులు ఎక్కువ పడతాయి, కానీ అయ్యే ఖర్చు నామమాత్రం.

సొంత డబ్బుతో విడిగా కొనే పంటి కవరు లాభసాటిగా తేలిన సందర్భం అరుదు.

ఎప్పుడు కొనవచ్చు

ఉద్యోగం చేసే సంస్థ ఇచ్చే గ్రూపు పాలసీలో ఇదే కవరు ఐచ్ఛికంగా ఉంటే లెక్క వేరుగా ఉంటుంది. గ్రూపు పాలసీల్లో ముందు నుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలాన్ని చాలా సంస్థలు ముందే మాఫీ చేయించుకుంటాయి. ఓపీ, పంటి భాగాలకు కూడా అదే వర్తిస్తే, పైన చెప్పిన మొదటి జల్లెడ ఉండదు. గ్రూపు ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఇప్పటికీ ఉంది కాబట్టి జీతంలో కోత పడే మొత్తాన్ని పన్నుతో కలిపి అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి కవరును ఎంచుకునే అవకాశం ఉద్యోగంలో చేరినప్పుడు, ఆ తర్వాత ఏడాదికోసారి రెన్యువల్ సమయంలో కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. ఆ రోజుల కన్నా ముందు పంటి డాక్టరుకు ఒకసారి చూపించుకుని, ఏయే పనులు రాబోతున్నాయో రాయించుకుంటే, తీసుకోవాలా వద్దా అన్నది ఊహ మీద కాకుండా కాగితం మీద తేలుతుంది. అప్పటికే గుర్తించిన పంటి సమస్యలను ఆ గ్రూపు పాలసీ మినహాయించడం లేదని మాత్రం ముందే చూసుకోవాలి.

నెలకు 21,000 లోపు జీతం ఉండి ఈఎస్ఐ వర్తించే కుటుంబాలు ఓపీ రైడర్ వైపు చూడనవసరమే లేదు. జీతంలో 0.75 శాతం కోతకే ఈఎస్ఐ డిస్పెన్సరీలో డాక్టరు, మందులు కుటుంబం మొత్తానికి వస్తాయి.

పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఇంకో కోణం ఉంది. డాక్టరుకు ఇచ్చిన ఫీజుకు, కొన్న మందులకు పన్ను మినహాయింపు లేదు. అదే ఖర్చును రైడర్ ప్రీమియం రూపంలో కడితే, 80డి అని అందరికీ తెలిసిన 25,000 పరిమితిలోకి వస్తుంది. అసలు పాలసీకి 16,000 కడుతున్న వారికి 7,200 రైడర్ కలిపినా ఆ పరిమితి దాటదు. 30 శాతం పన్ను శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 2,246 రూపాయలు మిగులుతాయి, రైడర్ నిజమైన ధర అయిదు వేలకు కొంచెం తక్కువకు దిగుతుంది. అసలు పాలసీతోనే పరిమితి నిండిపోయినవారికి, కొత్త పన్ను విధానంలోకి మారినవారికి ఈ తగ్గింపు లేదు. "పన్ను కూడా ఆదా అవుతుంది" అని ఏజెంటు అన్నప్పుడు తాము ఏ విధానంలో ఉన్నారో ముందు చూసుకోవాలి.

అరవై దాటిన తల్లిదండ్రులకు అసలు బీమాయే లేకపోతే, వారి కోసం పిల్లలు పెట్టే ఓపీ ఖర్చు నేరుగా పన్ను మినహాయింపులోకి వస్తుంది. పాత విధానంలో ఏడాదికి 50,000 వరకు, నగదుగా కాకుండా బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో చెల్లించి ఉండాలి. మందుల షాపులో నోట్లు ఇచ్చి తెచ్చిన బిల్లు ఇందుకు పనికిరాదు. వయసు వల్లో జబ్బుల వల్లో ఏ కంపెనీ పాలసీ ఇవ్వని పెద్దవారు చాలా ఇళ్లలో ఉన్నారు. వారి విషయంలో రైడర్ కోసం వెతకడం కన్నా నెల నెలా మందుల బిల్లును ఫోనుతో కట్టి, రసీదులు ఒక కవరులో దాచడం ఎక్కువ మేలు.

ఇక రాజమహేంద్రవరం కుటుంబానికి రైడర్ దొరికినది మూడేళ్ల నిరీక్షణతోనే. ఆ 7,200 వారు ఏం చేయాలి? వారి అసలు పాలసీ అయిదు లక్షలది. నలభైల్లో ఉన్న ఇలాంటి కుటుంబానికి, అయిదు లక్షలు దాటిన ఖర్చును ఇంకో పది లక్షల వరకు భరించే సూపర్ టాపప్ సాధారణంగా ఈ డబ్బులోనే వస్తుంది, కొంత మిగులుతుంది కూడా. షుగరు ఉన్న మనిషికి రాబోయే పదేళ్లలో పొంచి ఉన్న పెద్ద ఖర్చులు గుండెకు, కిడ్నీకి సంబంధించినవి. వాటి బిల్లు లక్షల్లో ఉంటుంది. సూపర్ టాపప్‌లో కూడా షుగరుకు వేచి ఉండే కాలం నడుస్తుంది కాబట్టి ఎంత ముందు తీసుకుంటే ఆ గడియారం అంత ముందు మొదలవుతుంది. ప్రపోజల్ ఫారంలో షుగరు ఏ నెలలో బయటపడిందో, ఏ మాత్రలు వాడుతున్నారో తప్పకుండా రాయాలి. మిగిలిన డబ్బు పిల్లల డాక్టరు ఫీజుకు వెళ్తుంది.